18 క్యూబిక్ అడుగుల ఫ్రిజ్, 8×6×6 సంపు: లీటర్లలోకి మార్చే ముందు అది ఏ కొలతో చూడండి

ప్రశ్న: అమెరికాలో మేం 18 క్యూబిక్ ఫీట్ ఫ్రిజ్ వాడాం. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేస్తున్నాం. ఇక్కడ షాపులో సేల్స్ అబ్బాయి 350 లీటర్లది తీసుకుంటే అంతే ఉంటుంది అంటున్నాడు. ఇల్లు కట్టే మేస్త్రీ గారేమో సంపు 8×6×6 అడుగులు, ఎనిమిది వేల లీటర్లు పడతాయి, ఐదు వేల లీటర్ల ట్యాంకర్ హాయిగా దించుకోవచ్చు అంటున్నారు. వాటర్ మీటర్‌లో క్యూబిక్ మీటర్లు. ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా పోల్చుకోవాలి?

సమాధానం:

ముందు లెక్క తేల్చేద్దాం. క్యూబిక్ అడుగుల్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. క్యూబిక్ మీటర్లని 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. వెనక్కి రావాలంటే అవే అంకెలతో భాగించాలి. మీ 18 క్యూబిక్ అడుగులు దాదాపు 510 లీటర్లు. ఆ అబ్బాయి చూపించిన 350 లీటర్లు 12.4 క్యూబిక్ అడుగులే, అంటే మీరు ఇన్నాళ్లూ వాడినదాంట్లో మూడింట రెండు వంతులకి కాస్త ఎక్కువ. అంతే ఉంటుందన్న మాట తప్పు.

మేస్త్రీ గారి లెక్క మాత్రం కరెక్టే. 8×6×6 అంటే 288 క్యూబిక్ అడుగులు, లీటర్లలో 8,155. అయినా ఐదు వేల లీటర్ల ట్యాంకర్ ఆ సంపులో పట్టకపోవచ్చు. ఎందుకో కింద చెప్తాను. నా అనుమానం నిజమైతే స్లాబ్ పోయకముందే మీరు ఆయనతో మాట్లాడాలి.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్ల షాపు నడిపాను. సంపుల గురించి నాకు తెలిసిందంతా మా బావమరిది సైట్ల మీదా, మా ఇంటి ముందూ నేర్చుకున్నదే. మా ఇంటి సంగతి తర్వాత చెప్తాను.

షాపులో కాలిక్యులేటర్ తీయకుండా లెక్క వేయడానికి నేనొక పద్ధతి వాడేవాణ్ని. క్యూబిక్ అడుగుల్ని 28తో గుణించి, అదే అంకెలో మూడో వంతు దానికి కలపాలి. 18 ఇరవై ఎనిమిదులు 504, పద్దెనిమిదిలో మూడో వంతు 6, మొత్తం 510. అసలు విలువ 28.317 కాబట్టి ఇంతకంటే దగ్గర లెక్క కొనుగోలుకి అక్కర్లేదు. ఫోన్ చేతిలో ఉంటే గూగుల్‌లో `18 cubic feet to litres` అని కొట్టినా వస్తుంది. అంకెలతో పని లేకుండా ఊహించుకోవాలంటే, ఇంటికి వేయించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఒకటి, పైన ఇంకో ఎనిమిది లీటర్లు కలిపితే ఒక క్యూబిక్ అడుగు. క్యూబిక్ మీటర్ అంటే అలాంటి క్యాన్లు యాభై. మీ పాత ఫ్రిజ్ ఇరవై ఐదున్నర క్యాన్లు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. మీటరుకి 3.28 అడుగులు కదా అని క్యూబిక్ అడుగుల్ని కూడా 3.28తోనే భాగిస్తారు. అలా చేస్తే మీ ఫ్రిజ్ 5.49 క్యూబిక్ మీటర్లు, అంటే 5,490 లీటర్లవుతుంది. ఫ్రిజ్ కాదు, ట్యాంకర్! పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ మారాలి కాబట్టి 3.28ని మూడుసార్లు గుణించాలి, అప్పుడు 35.3 వస్తుంది. ఒక క్యూబిక్ మీటర్‌లో 35.3 క్యూబిక్ అడుగులు. వచ్చిన జవాబు మీద అనుమానం వస్తే వాటర్ క్యాన్లతో ఊహించి చూడండి, తప్పు దానంతటదే బయటపడుతుంది.

ఇక ఫ్రిజ్. మార్చడం ఒక్క గుణకారమే, కానీ లేబుల్ మీద ఉన్న అంకె దేని కొలతో కూడా చూడాలి. మన దగ్గర చాలాకాలం గ్రాస్ కెపాసిటీనే పెద్ద అక్షరాలతో వేసేవారు. గ్రాస్ అంటే లోపలి పెట్టెలో నీళ్లు నింపితే ఎన్ని పడతాయో అంత. అందులో సామాను పెట్టడానికి పనికిరాని జాగా కూడా ఉంటుంది. 2023 జనవరిలో స్టార్ లేబుల్ నిబంధనలు మారాక గ్రాస్‌కి బదులు, ఆ జాగా తీసేస్తే మిగిలే నెట్ కెపాసిటీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది షాపులో మా తిప్పలు చూడాల్సింది. నిన్నటిదాకా 260 లీటర్లని అమ్మిన సైజునే 240 చిల్లర అని అమ్మాలి. "అన్నా, మా చెల్లి పెళ్లికి ఇదే ఫ్రిజ్ 260 అని ఇచ్చావు, ఇప్పుడు తగ్గించేశారా" అని ఒకాయన నిలదీశాడు. ఫ్రిజ్ ఒక్క అంగుళం తగ్గలేదు, చెప్పే లెక్క మారింది. కాబట్టి బంధువుల ఇంట్లో పాత ఫ్రిజ్ చూసి, దాని లీటర్లు ఇప్పటి కొత్త లేబుల్‌తో పోల్చకండి. గ్రాస్‌ని గ్రాస్‌తో, నెట్‌ని నెట్‌తోనే పోల్చాలి. మోడల్ నంబర్‌లో కనిపించే అంకెలు లీటర్లేననీ అనుకోవద్దు.

అమెరికా లేబుల్ మీది క్యూబిక్ అడుగులకీ, ఇక్కడి లీటర్లకీ కొలిచే పద్ధతి అచ్చంగా ఒకటి కాకపోవచ్చు. అందుకే 510 అని వచ్చిందని 510 లీటర్లదే కావాలని పట్టుబట్టకండి. 480 నుంచి 540 మధ్య ఏది దొరికినా మీకు తేడా తెలియదు. 350కీ 510కీ మాత్రం తేడా తప్పకుండా తెలుస్తుంది. మొదటి పండక్కే గిన్నెలు బయట ఉండిపోతాయి.

మరి ఆ సేల్స్ అబ్బాయి అలా ఎందుకన్నాడు? నాకు తెలిసినంతలో ఇలాంటివాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పరు. షోరూంలో ఫ్రిజ్‌ని కంటితో, బయటి సైజుతో కొలుస్తారు. కొందరు కస్టమర్లూ అంతే. ఒకాయన ఇంట్లో పాత ఫ్రిజ్‌ని టేపుతో బయటినుంచి కొలుచుకొచ్చి లెక్క వేసి, "నాది వెయ్యి లీటర్లది, మీ దగ్గర ఉందా" అని అడిగాడు. అమెరికాలో 18 క్యూబిక్ అడుగుల, పైన ఫ్రీజర్ ఉండే ఫ్రిజ్ బయటినుంచి సుమారు 30 అంగుళాల వెడల్పు, 66 ఎత్తు, హ్యాండిల్ వదిలేస్తే 32 లోతు ఉంటుందనుకోండి. మూడూ గుణిస్తే 63,360 క్యూబిక్ అంగుళాలు. అడుగుకి 12 అంగుళాలే అయినా క్యూబిక్ అడుగుకి 1,728 కాబట్టి, భాగిస్తే 36.7 క్యూబిక్ అడుగులు. లోపల దొరికేది 18. సగం ఎక్కడికి పోయింది? గోడల్లో, తలుపులో ఉండే ఫోమ్‌కి, వెనక కింద కంప్రెసర్ గదికి, చల్లగాలి తిరిగే దారులకి. బయటి కొలతలు ఫ్రిజ్ వంటగదిలో పడుతుందా, ఫ్లాట్ గుమ్మంలోంచి వస్తుందా అని చూసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి.

ఆ పాత ఫ్రిజ్‌నే కంటైనర్‌లో తెచ్చుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది, మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుంది, హెర్ట్జ్ మారదు.

ఇప్పుడు సంపు దగ్గరికి వద్దాం. మీరు ఎక్కువ టెన్షన్ పడాల్సింది దీని గురించే, ఎందుకంటే ఫ్రిజ్ నచ్చకపోతే మార్చుకోవచ్చు.

ఇసుకా కలపా సీఎఫ్‌టీల్లోనే కొంటారు కాబట్టి మీ మేస్త్రీ గారికి క్యూబిక్ అడుగుల లెక్క మీకన్నా నాకన్నా బాగా తెలుసు. ఆయన 8×6×6 అన్నారంటే మీరు అడగాల్సింది ఒక్కటే: అది తవ్వే గుంత కొలతా, ప్లాస్టరింగ్ అయ్యాక లోపల మిగిలే కొలతా? చాలామంది గుంత కొలతే చెప్తారు, ఎందుకంటే తవ్వకం కూలి దాని మీదే ఉంటుంది. మోసం ఏమీ కాదు, ఎవరి లెక్క వాళ్లది.

గుంతే 8×6×6 అనుకుందాం. చుట్టూ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ వస్తుంది. రెండు వైపులా కలిపి అడుగున్నర. అంటే పొడవు 8 నుంచి ఆరున్నర, వెడల్పు 6 నుంచి నాలుగున్నర. కింద కాంక్రీటు బెడ్‌కీ పైన స్లాబుకీ కలిపి దాదాపు ఒక అడుగు పోతే ఎత్తు 5. ఇప్పుడు 6.5×4.5×5 గుణిస్తే 146.25 క్యూబిక్ అడుగులు, అంటే 4,141 లీటర్లు. 8,155లో సగం గోడల్లోకీ కాంక్రీట్‌లోకీ వెళ్లిపోయింది. మూడు వైపులా కొంచెం కొంచెం తగ్గితే మొత్తం ఇంత తగ్గుతుందని అంకెలు వేసి చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. ప్లాస్టరింగ్ మందం నేనింకా తీసేయలేదు.

అందులోనూ అన్నీ వాడుకునే నీళ్లు కావు. పైన ఇన్‌లెట్ పైపూ ఫ్లోట్ వాల్వూ ఉన్నచోట ఆరంగుళాలు ఖాళీ వదలాలి. కింద మోటార్ పైపు చివరన ఉండే ఫుట్ వాల్వ్ నేలకి ఆనకుండా పైకి ఉంటుంది, దాని కింది నీళ్లని మోటార్ లాగలేదు, అక్కడో ఆరంగుళాలు. మిగిలేది 4 అడుగులు. 6.5×4.5×4 అంటే 117 క్యూబిక్ అడుగులు, 3,313 లీటర్లు. మీ మీటర్ భాషలో 3.3 క్యూబిక్ మీటర్లు. ఇందులో 5 క్యూబిక్ మీటర్ల ట్యాంకర్ దించితే ఏమవుతుందో మీరే చెప్పండి.

మా ఇంటి ముందు అయ్యింది అదే. ఒక వేసవిలో బోరు ఎండిపోతే ఐదు వేల లీటర్ల ట్యాంకర్ పిలిపించాను. మా సంపు ఆరు వేలదని మా మేస్త్రీ చెప్పిన మాట పదేళ్లుగా నేనూ అందరికీ చెప్తూ వచ్చాను. పైపు లోపలికి వేసి, డ్రైవర్‌కి టీ ఇచ్చి నేను లోపలికి వెళ్లాను. పావుగంటలో ఎదురింటి కుర్రాడు కేకేశాడు, "బాబాయ్ గారూ, వీధంతా మీ నీళ్లే" అని. మ్యాన్‌హోల్ మూత పక్కనుంచి పొంగి మురుగుకాలవలోకి పారుతున్నాయి. ట్యాంకర్‌లో ఇంకా మూడో వంతు పైనే ఉన్నాయి. డ్రైవర్ నవ్వలేదు గానీ, "అందరి సంపులూ ఇంతే సార్" అన్నాడు. వీధిలో ఉన్న బిందెలన్నీ ఆ రోజు మా నీళ్లతో నిండాయి.

ఆ తర్వాత నేనొక పని చేశాను, మీకూ అదే చెప్తాను. సంపు మొత్తం ఎన్ని లీటర్లన్నది వదిలేసి, ఒక అంగుళం ఎత్తుకి ఎన్ని లీటర్లో తెలుసుకోండి. లోపలి పొడవు × లోపలి వెడల్పు × 28.3 చేస్తే ఒక అడుగు ఎత్తు నీళ్లకి ఎన్ని లీటర్లో వస్తుంది. మన ఉదాహరణలో 6.5×4.5 అంటే 29.25 చదరపు అడుగులు, అడుగుకి 828 లీటర్లు, పన్నెండుతో భాగిస్తే అంగుళానికి 69. సంపులో నిలబెట్టే కర్ర మీద లేదా పీవీసీ పైపు ముక్క మీద అంగుళాల గీతలు గీసుకుంటే చాలు. ట్యాంకర్ పిలిచే ముందు కర్ర ముంచి చూస్తే ఖాళీ ఎంతుందో తెలిసిపోతుంది. 5,000ని 69తో భాగిస్తే 72 అంగుళాల పైన, అంటే ఆరడుగుల ఖాళీ కావాలి. లోపలి ఎత్తే ఐదడుగులైన సంపులో ఆరడుగుల ఖాళీ ఎక్కడినుంచి వస్తుంది?

మీకు నిజంగా ట్యాంకర్ మొత్తం పట్టాలంటే మేస్త్రీ గారితో 8×6 లోపలి కొలత అని చెప్పండి. అప్పుడు అడుగుకి 48×28.3, దాదాపు 1,359 లీటర్లు. నాలుగడుగులు వాడుకోగలిగితే 5,430 దాటుతుంది. ఐదు వేలు దిగాక నీళ్లు 3 అడుగుల 8 అంగుళాలు లేస్తాయి, పైన కాస్త ఊపిరి మిగులుతుంది. గుంత మాత్రం తొమ్మిదిన్నర, ఏడున్నర తవ్వాలి, లోతు ఆరు అడుగులే. పార్కింగ్ కింద అంత చోటుందో లేదో ముందే చూసుకోండి. చోటు లేకపోతే గోడని ఇటుకకి బదులు సన్నటి ఆర్‌సీసీతో కట్టమని ఇంజనీర్‌ని అడగండి, రెండు వైపులా కలిసివస్తుంది. గోడ మందం ఎంత ఉండాలో ఆయనే చెప్పాలి, మీరూ నేనూ తేల్చే విషయం కాదు.

కొలిచేటప్పుడు ఇంకో చిన్న తప్పు జరుగుతుంది. ఆరడుగుల ఆరంగుళాలని 6.6 అని రాసేసి గుణిస్తారు. ఆరంగుళాలంటే అర అడుగు, కాబట్టి అది 6.5. అలాగే 4 అడుగుల 6 అంగుళాలని 4.6 అని రాస్తే మన సంపు 146.25కి బదులు 151.8 క్యూబిక్ అడుగులవుతుంది. నూట యాభై లీటర్లకి పైగా గాల్లోంచి పుట్టుకొస్తాయి. అంగుళాలని ముందు పన్నెండుతో భాగించి, తర్వాతే దశాంశం రాయండి. అది గజిబిజి అనిపిస్తే టేపు రెండో అంచున ఉండే సెంటీమీటర్లు చదవండి. 198 సెంటీమీటర్లంటే 1.98 మీటర్లు, 137 అంటే 1.37. మూడూ మీటర్లలో గుణిస్తే క్యూబిక్ మీటర్లు, పక్కన మూడు సున్నాలు వేసినట్టు వెయ్యితో గుణిస్తే లీటర్లు. నిజానికి నేనిప్పుడు అలాగే కొలుస్తాను. 28.3 గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.

కట్టాక నిజంగా ఎంత పడుతుందో వాటర్ మీటరే చెప్తుంది. మోటార్ గాలి పీల్చేదాకా సంపు ఖాళీ చేసి, మోటార్ ఆపేసి, మీటర్ ఫొటో తీసుకోండి. నిండి ఫ్లోట్ వాల్వ్ మూసుకున్నాక ఇంకో ఫొటో. మామూలుగా నల్ల అంకెలు పూర్తి క్యూబిక్ మీటర్లు, ఎర్రవి దశాంశం తర్వాతివి. మొదట 412.350, తర్వాత 415.640 ఉంటే తేడా 3.290, అంటే 3,290 లీటర్లు. మన లెక్కలో వచ్చిన 3,313కి ఇది చాలినంత దగ్గర. ఈలోగా అదే లైన్ మీద కుళాయి తిప్పితే లెక్క పాడవుతుంది. బిల్లులో కనిపించే కేఎల్ అంటే కిలోలీటర్, వెయ్యి లీటర్లు, అదీ క్యూబిక్ మీటరూ ఒకటే. హైదరాబాద్‌లో నెలకి 20 వేల లీటర్లు ఉచితం అన్నప్పుడు మీటర్‌లో అది 20 క్యూబిక్ మీటర్లు.

గ్యాలన్లలో చెప్పేవాళ్లు దొరికితే ఏ గ్యాలనో అడగండి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ వాళ్లది 4.546. ఆన్‌లైన్‌లో ట్యాంకులు చూసేటప్పుడు ఇది దాదాపు ఐదింట ఒక వంతు తేడా తెస్తుంది. డాబా మీద పెట్టే గుండ్రటి ప్లాస్టిక్ ట్యాంకుకి కంపెనీ రాసిన లీటర్లనే తీసుకోండి. మడతలూ గోపురం లాంటి మూతా ఉన్నదాన్ని టేపుతో కొలిచి వాదించడం దండగ.

ఇక మీరు చేయాల్సింది: స్లాబుకి సెంట్రింగ్ కొట్టకముందే టేపు పట్టుకుని లోపలికి దిగి గోడ నుంచి గోడకి, బెడ్ నుంచి స్లాబు అడుగు వచ్చే గీత దాకా కొలవండి. స్లాబు పడ్డాక మిగిలేది రెండడుగుల మ్యాన్‌హోలే, అందులోంచి దిగి కొలవడం నా వయసులో అయితే కష్టం. చాలాకాలం మూసి ఉన్న పాత సంపుల్లోకైతే ఎవరూ ఊరికే దిగొద్దు, లోపల ఊపిరాడదు. వచ్చిన మూడు కొలతలూ, ఫుట్ వాల్వ్ ఎంత ఎత్తులో పెడుతున్నారో ఇక్కడ రాయండి, మీ కర్ర మీద గీతకి ఎన్ని లీటర్లో లెక్క వేసి పెడతాను.